టముకు వేసి, గుట్టుగా రమ్మని

నాలుగు వందల మందికి ఒకేసారి వెళ్ళే ఈమెయిలులో "గుట్టుగా" అనే మాట ఎక్కడ ఇరికించాలో తెలియక ఒక పూటంతా కూర్చున్నాను. మా అమలాపురంలో నా చిన్నతనంలో టముకు వేసేవాళ్ళు. నీళ్ళ పన్ను కట్టమనో, సంత రోజు మారిందనో వీధి వీధికీ తిరిగి గట్టిగా అరిచేవాళ్ళు. టముకు వేసి, "ఇష్టమున్నవాళ్ళు ఎవరికీ తెలియకుండా రండి" అని మాత్రం ఎవరూ అనలేదు. న్యూజెర్సీలో మా కంపెనీలో నా ఉద్యోగం సరిగ్గా అదే.

నేను హెచ్చార్‌లో పని చేస్తాను. 1998లో ఈ దేశం వచ్చినప్పుడు ఆ మాటకు అర్థం కూడా తెలియదు. గ్రీన్ కార్డు వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో చదువుకుని ఇందులో చేరాను. ఇప్పటికి పందొమ్మిదేళ్ళయింది. మా వాళ్ళలో హెచ్చార్ అంటే ఉద్యోగం ఇచ్చేవాళ్ళో, తీసేసేవాళ్ళో అనుకుంటారు గానీ, మా పని ఎక్కువ భాగం కాగితాలు రాయడమే. ఆ కాగితంలో ఒక్క వాక్యం తప్పయితే అవతల ఒక మనిషి నెలల తరబడి దాని ఫలితం అనుభవిస్తాడు. అలాంటి ఒక కాగితం గురించే ఇది. ఇందులోని కుర్రవాడి అనుమతి తీసుకునే రాస్తున్నాను. కంపెనీ పేరు, మనుషుల పేర్లు వద్దనుకున్నాం. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

2025 జూన్ 1 నుంచి న్యూజెర్సీలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. పదిమందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థ ఏదైనా ఖాళీ ప్రకటిస్తే, జీతం ఎంత నుంచి ఎంత వరకో అందులో చెప్పాలి. ఎవరికైనా ప్రమోషన్ ఇవ్వాలనుకుంటే, ఆ నిర్ణయం తీసుకునే ముందు ఆ విభాగంలో ఉన్నవాళ్ళందరికీ ఆ అవకాశం సంగతి తెలియజేయడానికి తగిన ప్రయత్నం చేయాలి. అంతకు ముందు చాలా చోట్ల ఏం జరిగేదంటే, పెద్దాయన మనసులో ఒకళ్ళని అనుకునేవాడు, ఆ పేరు మీద కేకు కోసిన రోజునే మిగతావాళ్ళకి అలాంటి కుర్చీ ఒకటి ఖాళీ అయిందని తెలిసేది. చట్టం ఆ కేకు పద్ధతికి అడ్డం వేసింది. మా కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, ఏ ఖాళీ అయినా అందరికీ పంపాలని నిర్ణయించుకుంది.

ఆ జూలైలో వచ్చిన మొదటి పెద్ద ఖాళీ, చెర్రీ హిల్ దగ్గర మా గిడ్డంగిలో సరుకు ప్రణాళిక చూసే బృందానికి లీడ్. కింద ఆరుగురు పనిచేస్తారు. మా ప్రధాన కార్యాలయం ఎడిసన్‌లో. చెర్రీ హిల్ గంట పైచిలుకు ప్రయాణం. ప్రకటనలో ముఖ్యమైన భాగం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"ఈ ఉద్యోగానికి ముందుగా మన సంస్థలో ఉన్నవాళ్ళ నుంచి పది పని దినాల పాటు దరఖాస్తులు తీసుకుంటాం. ఆ తర్వాతే బయట ప్రకటిస్తాం. జీతం ఏడాదికి 98,000 నుంచి 1,22,000 డాలర్లు. గడువు తేదీ నాటికి ప్రస్తుత ఉద్యోగంలో పన్నెండు నెలలు నిండి ఉండాలి. గత ఆరు నెలల్లో లిఖితపూర్వక హెచ్చరిక ఉండకూడదు. చివరి వార్షిక సమీక్షలో 'అంచనాలకు తగినట్లు' లేదా అంతకన్నా మంచి మాట ఉండాలి. దరఖాస్తుకు మీ మేనేజరు అనుమతి అక్కరలేదు. మీరు ఆఖరి ఇంటర్వ్యూకు ఎంపికయ్యే దాకా మీ మేనేజరుకు మేము చెప్పం. అప్పుడు కూడా ముందు చెప్పే అవకాశం మీదే."

చూడటానికి తొమ్మిది వాక్యాలే. ఒక్కొక్క వాక్యం వెనకా ఒక కథ ఉంది. ముందు పాత కథ చెబుతాను.

2023లో మా అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడ వేరే విభాగంలో ఖాళీకి దరఖాస్తు పెట్టింది. ప్రకటనలో "దరఖాస్తులు గోప్యంగా ఉంచబడతాయి" అని మేమే రాశాం. ఆవిడ ఆ మాట నమ్మింది. "సమర్పించు" అన్న బొత్తాం నొక్కిన నిమిషంలో ఆవిడ మేనేజరుకు ఒక ఈమెయిలు వెళ్ళింది, "మీ బృంద సభ్యురాలు ఫలానా ఉద్యోగానికి దరఖాస్తు చేశారు" అని. ఎవరూ కావాలని చేసింది కాదు. సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఎవరో ఒక గడిలో టిక్కు పెట్టి ఉంచారు, అంతే. ఆ మేనేజరు చెడ్డవాడు కూడా కాదు. "వెళ్ళిపోయే మనిషికి కొత్త పని ఎందుకు" అని సంవత్సరాంతపు పని ఇంకొకరికి ఇచ్చాడు. ఆవిడకు ఆ కొత్త ఉద్యోగం రాలేదు. పాత ఉద్యోగంలో చేతికింద పని లేదు. నాలుగు నెలల తర్వాత రాజీనామా ఇస్తూ, వెళ్ళేముందు మా గదికి వచ్చి ఒకే మాట అంది. "మీరు గోప్యం అన్నారు కనుకనే పెట్టాను."

ఆ వాక్యం రాసింది నేనే. ఎవరి దగ్గర దాచాలి, ఎప్పటిదాకా దాచాలి అన్నది ఆలోచించకుండా, ఏదో పాత కాగితం చూసి దించాను.

అందుకని ఈసారి ప్రకటన పంపే ముందు ఐటీ వాళ్ళను బతిమాలి ఒక ఉత్తుత్తి ఉద్యోగిని సృష్టించాం. ఆ ఉద్యోగికి నా తోటి ఉద్యోగిని మేనేజరుగా పెట్టి, దరఖాస్తు పంపించి, ఎక్కడెక్కడ కారుతుందో కూర్చుని చూశాం. ఆ పాత ఈమెయిలు టిక్కు తీసేశారు గానీ, ఇంకో చిల్లు దొరికింది. మేనేజరు తన బృందం పేజీ తెరిస్తే, ఆ ఉద్యోగి పేరు పక్కన "పెండింగులో ఉన్న మార్పు" అని చిన్న గుర్తు కనిపిస్తోంది. నొక్కితే వివరం రాదు, కానీ గుర్తు చాలు కదా! అది కూడా తీయించాం. తర్వాత క్యాలెండరు. మా ఆఫీసులో ఒకరి క్యాలెండరు ఇంకొకరికి కనిపిస్తుంది. ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు "ఇంటర్వ్యూ, ప్రణాళిక లీడ్" అని పేరు పెట్టి పంపితే, ఇక గుట్టెక్కడిది? అందుకని ఆ పిలుపులు మేమే, ప్రైవేటు అన్న గుర్తు పెట్టి, "హెచ్చార్‌తో మాట" అని మాత్రమే పేరు పెట్టి పంపాలనుకున్నాం.

కంప్యూటరు చిల్లులు పూడ్చడం తేలిక. మనుషుల చిల్లు కష్టం. ఎంపిక చేసే మేనేజరుకు దరఖాస్తుదారుల పేర్లు తెలియక తప్పదు. ఆయనా, ఇవతలి మేనేజరూ పదేళ్ళుగా కలిసి భోజనం చేస్తున్నవాళ్ళు. "మీ వాడు పెట్టాడు, ఎలాంటివాడు?" అని ఒక ఫోను చేస్తాడు. అందులో దురుద్దేశం ఉండదు, మర్యాద అనుకుంటాడు. కానీ లోపలి దరఖాస్తులు బయటపడేది చాలావరకు ఆ మర్యాద ఫోను వల్లనే. అందుకని పేర్లు ఇచ్చే ముందు ఆయన దగ్గర ఒక పేజీ కాగితం మీద సంతకం తీసుకున్నాను. అభ్యర్థి గురించి ఏం తెలుసుకోవాలన్నా మా దగ్గరున్న ఫైలు నుంచి మేమిస్తాం, ఆఖరి ఇద్దరూ తేలేదాకా ఎవరికీ ఫోను చేయకూడదు అని. ఆయన నవ్వి, "ఇదేమిటి, గూఢచారి సినిమాలాగా" అన్నాడు. సంతకం అయితే పెట్టాడు.

అర్హత నియమాల్లో కూడా ఒక చిక్కుంది. పాత ప్రకటనలో "పన్నెండు నెలలు నిండనివారు మేనేజరు సమ్మతితో దరఖాస్తు చేయవచ్చు" అని ఉండేది. దయగానే కనిపిస్తుంది. కానీ పది నెలలే అయినవాడు ఆ సమ్మతి కోసం వెళ్ళి అడగాలి. అడిగాక ఇంకేం మిగిలింది? ఆ వెసులుబాటు తీసేశాను. ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చింది. అయినా ఒక సూత్రం పెట్టుకున్నాను. ప్రతి అర్హతనూ హెచ్చార్ ఫైలు చూసి నిర్ధారించగలగాలి, మేనేజరును అడగవలసిన అర్హత ఒక్కటి కూడా ఉండకూడదు. చేరిన తేదీ ఫైల్లో ఉంటుంది. హెచ్చరిక ఉంటే ఫైల్లో ఉంటుంది. సమీక్ష ఫైల్లో ఉంటుంది. "మంచి నడవడి", "బృందంలో కలిసిపోయే స్వభావం" లాంటివి ఫైల్లో ఉండవు. వాటిని అర్హతల్లోంచి తీసేసి, ఇంటర్వ్యూలో చూసుకోమన్నాను.

ప్రకటన వెళ్ళింది. ఆ ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్లో దోసె కోసం వరుసలో నిలబడి ఉంటే, వెనక నుంచి "అక్కా" అని వినిపించింది. మా కంపెనీ కుర్రవాడే. ఆఫీసులో "మేడం" అంటాడు, గుడిలో "అక్కా" అంటాడు. గుంటూరు దగ్గర పల్లెటూరు. ఎడిసన్‌లో డేటా ఎనలిస్టు. నాలుగేళ్ళుగా ఒకే మేనేజరు కింద పనిచేస్తున్నాడు.

"అక్కా, ఆ ప్రకటనలో రాసింది నిజమేనా? ఎవరికీ తెలియదా?"

మామూలుగా అయితే "నిజమే బాబూ" అని దోసె అందుకునేదాన్ని. అకౌంట్స్ ఆవిడ గుర్తొచ్చింది. ప్లేట్లు పట్టుకుని ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాం.

"ఎవరికీ తెలియదు అనకు. ఎవరికి ఎప్పుడు తెలుస్తుందో చెబుతాను, విను" అన్నాను. "నువ్వు పెట్టిన రోజున హెచ్చార్‌లో ఇద్దరికి తెలుస్తుంది. గడువు ముగిశాక, అర్హులైతే, చెర్రీ హిల్ మేనేజరుకు తెలుస్తుంది. మొదటి ఇంటర్వ్యూకు పిలిస్తే ఇంకో ఇద్దరికి. ఆఖరి ఇద్దరిలో ఉంటే నీ మేనేజరుకు. ఆ కబురు ముందు నీకు వస్తుంది. నువ్వు ఆయనకు చెప్పుకోవడానికి రెండు రోజులిస్తాం, ఆ తర్వాత మేం చెబుతాం. ఆఖరి ఇద్దరిలో లేకపోతే మా అంతట మేం ఆయనకు ఎప్పటికీ చెప్పం."

"మీరు నాకు అక్కలాంటివారు కాబట్టి…" అని ఏదో అనబోయాడు.

"అదే చెప్పబోతున్నాను. నువ్వు తెలిసినవాడివి కాబట్టి నీ దరఖాస్తు నేను చూడను. ఇంకో ఆవిడ చూస్తుంది. రేపు పొద్దున్నే మా బాసుకు ఆ మాట రాసి ఇస్తాను." అతని ముఖం కొంచెం చిన్నబోయింది. మనవాళ్ళం అన్న మాటకు అర్థం పని జరిపించడం అని మనం అనుకుంటాం కదా. నా లెక్కలో దాని అర్థం పక్కకు తప్పుకోవడం.

అప్పుడు అసలు భయం బయటపెట్టాడు. "మేనేజరు సంగతి కాదక్కా. నా గ్రీన్ కార్డు ఏమవుతుంది?"

ఈ మాట ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఎన్ని ఆశల్ని మింగిందో లెక్కలేదు. తన కాగితాలు కదులుతాయేమో అని పదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. నిజంగా కదిలేవి కొన్ని, కదలనివి కొన్ని. ఏది ఏదో తెలుసుకోకుండా అన్నిటికీ భయపడతారు. "దరఖాస్తు పెట్టకముందే అడిగి తెలుసుకో. హెచ్చార్ ద్వారా కంపెనీ లాయరును అడుగు. అది కంపెనీ లాయరు, నీ లాయరు కాదు అని మాత్రం గుర్తుంచుకో. అనుమానం ఉంటే నీ ఖర్చుతో ఒక గంట ఇంకో లాయరుతో మాట్లాడుకో" అన్నాను.

రెండు చోట్లా అడిగాడు. అతనికి అర్థమైన సంగతులు తర్వాత నాకు చెప్పాడు. నాకు తెలిసినదానితో సరిపోయాయి.

మొదటిది, చోటు. ఎడిసన్ న్యూయార్క్ మహానగర ప్రాంతం లెక్కలోకి వస్తుంది. చెర్రీ హిల్ ఫిలడెల్ఫియా లెక్కలోకి. రాష్ట్రం ఒకటే, కంపెనీ ఒకటే, అయినా హెచ్-1బి లెక్కలో అది కొత్త చోటు. 2015లో సిమియో సొల్యూషన్స్ అనే కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ కార్యాలయం ఇచ్చిన తీర్పు ప్రకారం, పనిచేసే చోటు ఒక మహానగర ప్రాంతం దాటి మారితే సవరించిన పిటిషను వేయాలి. అది వేశాక కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు, మంజూరు అయ్యేదాకా ఆగనక్కర్లేదు. వేయకముందు మాత్రం వెళ్ళకూడదు. "సోమవారం నుంచి అక్కడికి వచ్చెయ్" అని ఎవరైనా ప్రేమగా అంటే, ఆ సోమవారమే తప్పు జరిగిపోతుంది.

రెండోది, గ్రీన్ కార్డు. అతనికి ఐ-140 మంజూరై కొన్నేళ్ళయింది. ప్రయారిటీ తేదీ 2018. ఆ జూలైలో ఈబీ-2లో భారతదేశం వాళ్ళకు 2013 జనవరి 1 దగ్గర వరుస ఆగి ఉంది. అంటే ఇంకా చాలా దూరం. ఆ పాత కాగితం ఎనలిస్టు పనికి. ఆరుగురిని నడిపే లీడ్ పని వేరు కనుక, ఆ కొత్త ఉద్యోగం మీద గ్రీన్ కార్డు కావాలంటే లేబర్ సర్టిఫికేషన్ మళ్ళీ మొదటినుంచి చేయాల్సి రావచ్చు. ఇక్కడే అందరికీ గుండె జారుతుంది. కానీ మళ్ళీ చేసినా, మోసం లాంటివేవీ లేకుండా మంజూరైన పాత ఐ-140 తాలూకు 2018 తేదీ అతనిదే. వరుసలో నిలబడిన చోటు పోదు, చేతిలోని చీటీ మారుతుంది, అంతే. ఈలోగా ఆరేళ్ళు దాటిన హెచ్-1బిని మూడేసి ఏళ్ళు పొడిగించుకోవడానికి ఆ పాత ఐ-140 పనికొస్తుంది. నిజమైన నష్టం ఒకటుంది. కొత్త లేబర్ సర్టిఫికేషన్ ఖర్చూ శ్రమా మళ్ళీ పెట్టడానికి కంపెనీ ఒప్పుకోవాలి, అది ఉద్యోగం ఖాయం చేసేటప్పుడే కాగితం మీద అడగాలి. చేరిన తర్వాత అడిగితే అది విన్నపం అవుతుంది, చేరేముందు అడిగితే బేరం.

మూడోది విని అతను నవ్వాడట. ఒకవేళ ఎంపికైతే, కొత్త పిటిషను కోసం చెర్రీ హిల్ గిడ్డంగిలో అందరికీ కనిపించే రెండు చోట్ల పది రోజులపాటు ఒక నోటీసు ఉంచాలి. హెచ్-1బి మీద ఫలానా పనికి ఒక మనిషిని పెడుతున్నాం, జీతం ఇంత అని. పేరుండదు. కానీ కొత్త లీడ్ ఎవరో అందరికీ తెలిసినప్పుడు ఆ జీతం ఎవరిదో తెలియకుండా ఉంటుందా? గుట్టుగా మొదలైన దరఖాస్తు, కాఫీ యంత్రం పక్కన గోడ మీద జీతం అంటించడంతో ముగుస్తుందన్న మాట. చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. తక్కువ జీతానికి మనిషిని తేకుండా అది కాపలా. ముందే తెలిస్తే సిగ్గుపడక్కర్లేదు.

ఎనిమిదో రోజున అతను దరఖాస్తు పెట్టాడు. నేను తప్పుకున్నాను కనుక తర్వాత సంగతులు నాకు తెలియవు. నెల గడిచింది. ఒక శుక్రవారం రాత్రి ఫోను చేశాడు. గొంతు మారిపోయి ఉంది.

జరిగింది ఇది. అతను ఆఖరి ఇద్దరిలో ఉన్నాడని ఆ రోజు మధ్యాహ్నమే కబురొచ్చింది. సోమవారం మేనేజరుకు చెప్పుకుందాం అనుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరింట్లోనో పాట్‌లక్. అతని భార్య వారం కిందటే ఒక స్నేహితురాల్ని అడిగిందట, చెర్రీ హిల్ వైపు స్కూళ్ళు ఎలా ఉంటాయి, అద్దెలెంత అని. ఆ స్నేహితురాలి భర్త మా కంపెనీలోనే, అదీ ఇతని విభాగంలోనే. పులిహోర వడ్డించుకుంటూ ఆయన అందరి ముందూ అన్నాడట, "ఏమోయ్, చెర్రీ హిల్‌కి మకాం మారుస్తున్నావటగా, పార్టీ ఎప్పుడు?"

మేం సాఫ్ట్‌వేర్‌లో టిక్కులు తీసేశాం, క్యాలెండర్లకు మారుపేర్లు పెట్టాం, సంతకాలు తీసుకున్నాం. పులిహోర గిన్నె దగ్గర కారిపోయింది.

అతను భార్య మీద విసుక్కుంటున్నాడని గొంతులోనే తెలిసింది. "ఆ అమ్మాయినేమీ అనకు. పిల్లాడి స్కూలు గురించి అడగక తప్పుతుందా? ఆవిడ ఉద్యోగం సంగతి చెప్పలేదు, ఊరు సంగతి అడిగింది. మిగతాది మనవాళ్ళు కలుపుకున్నారు" అన్నాను. నిజానికి సంబంధాలు చూసేటప్పుడు మన ఇళ్ళలో ఎంత జాగ్రత్తగా ఉంటారు! కుదిరేదాకా పక్కింటికి పొక్కనివ్వరు. చెడితే పిల్లకు మాట వస్తుందని. ఉద్యోగం విషయంలో ఆ తెలివి ఎందుకో గుర్తుకు రాదు.

"ఇప్పుడేం చేయను?"

"సోమవారం దాకా ఆగకు. ఆయన వేరే నోట వింటే నువ్వు దాచావనుకుంటాడు. నీ నోట వింటే నువ్వు చెప్పావనుకుంటాడు. రేపు పొద్దున్నే ఫోను చేసి అయిదు నిమిషాలు అడుగు. మూడే మాటలు చెప్పు. ఫలానా ఉద్యోగానికి పెట్టాను, ఆఖరి ఇంటర్వ్యూకు వచ్చాను. ఎందుకు పెట్టానంటే మనుషుల్ని నడిపే పని నేర్చుకోవాలని ఉంది. వచ్చినా రాకపోయినా ఇక్కడి పని మధ్యలో వదలను. క్షమాపణ చెప్పకు, నువ్వు తప్పు చేయలేదు. ఆయన మీద ఫిర్యాదులేవీ తీయకు."

శనివారం పొద్దున చెప్పాడు. మేనేజరు కాసేపు మాట్లాడలేదట. తర్వాత "నాకు ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడట. ముందే చెప్పనక్కర్లేదని మేమే రాశాం. అయినా మనసు నియమాలు చదవదు కదా.

ఉద్యోగం ఇతనికి రాలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ గిడ్డంగిలోనే పనిచేసిన ఒకావిడకు వచ్చింది. న్యాయమైన ఎంపిక అని అతనే అన్నాడు.

కథ ఇక్కడ అయిపోయిందని చాలామంది హెచ్చార్ వాళ్ళు ఫైలు మూసేస్తారు. లోపలి ఖాళీలో అసలు పరీక్ష ఓడిపోయినవాడికే, ఎందుకంటే అతను మర్నాడు మళ్ళీ అదే మేనేజరు ముందు కూర్చోవాలి. 2023 నుంచి నేర్చుకున్న ఇంకో పాఠం అది. ఆఖరి దాకా వచ్చి ఎంపిక కానివాళ్ళతో ముప్పై రోజులకొకసారి, తొంభై రోజులకొకసారి మాట్లాడాలని రాసుకున్నాం. "బాగున్నావా" అని అడిగితే "బాగున్నాను" అంటారు. అందుకని వివరంగా అడగాలి. నీ పనుల జాబితాలోంచి ఏదైనా తీసేశారా? ఇదివరకు పిలిచే మీటింగులకు ఇప్పుడు పిలుస్తున్నారా? సెలవు అడిగితే తేడా ఉందా? మనిషి మీద ముద్ర పడితే మొదట కనిపించేది అక్కడే, వార్షిక సమీక్షలో కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

ముప్పై రోజుల మాటలో నా తోటి ఉద్యోగిని ఇవే అడిగింది. అతను కాస్త తటపటాయించి, సోమవారం మీటింగుకు అయిదు వారాలుగా పిలుపు రావడం లేదని చెప్పాడు. ఆవిడ మేనేజరు దగ్గరకు వెళ్ళి ఆరోపణ చేయలేదు. "ఈ మీటింగు జాబితా ఎప్పుడు మారింది, ఎందుకు?" అని మాత్రం అడిగింది. ఆయన జాబితా చూసి, "వెళ్ళిపోతాడేమో అని కొత్తవాడిని పెట్టాను, మళ్ళీ మార్చడం మర్చిపోయాను" అన్నాడు. మర్చిపోయాడో, మనసు రాలేదో నాకు తెలియదు. మరుసటి సోమవారం పిలుపు వచ్చింది. అకౌంట్స్ ఆవిడను మేం ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత మా బాసు ఒక సలహా ఇచ్చాడు. వచ్చే ప్రకటనలో "అభ్యర్థులు ఈ విషయం ఎవరితోనూ చర్చించరాదు" అని రాద్దామా అని. కుదరదన్నాను. జీతాల గురించీ, పని పరిస్థితుల గురించీ ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకునే హక్కును 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం కాపాడుతుంది. గుట్టు ఉంచవలసింది కంపెనీ. ఉద్యోగి తన సంగతి తనకిష్టమైతే టముకు వేసుకోవచ్చు. మేం అతని నోరు కట్టేయకూడదు.

అందుకని ప్రకటనలో రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. మీ కంపెనీలో "గోప్యం" అని రాస్తే, పెట్టేముందు హెచ్చార్‌ను అడగండి, ఎవరికి, ఏ దశలో తెలుస్తుంది అని. వాళ్ళు వరుసగా చెప్పలేకపోతే, వాళ్ళింకా ఆలోచించలేదన్న మాట. ఇక మనవాళ్ళింట్లో ఎవరైనా కొత్త ఊళ్ళో స్కూళ్ళ గురించి అడిగితే, స్కూళ్ళ గురించే చెప్పండి. పార్టీ ఎప్పుడని పులిహోర గిన్నె దగ్గర అడగకండి.

మొన్న గుడిలో మళ్ళీ కనిపించాడు. వరుసలో ముందు నిలబడ్డాడు. నన్ను చూసి, "అక్కా, ఇంకో ఖాళీ వచ్చిందటగా, ఎడిసన్‌లోనే" అన్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి. నేనేమీ అనలేదు. దోసె తీసుకుని వేరే బల్ల దగ్గర కూర్చున్నాను.